చదువుకునేటప్పుడు వెంట్రుకలు పీక్కునే అమ్మాయికి మెత్తటి బంతి ఎందుకు పనిచేయలేదు?

నెల్లూరు_అమ్మ
మా పెద్దమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎనిమిది నెలలుగా నడినెత్తికి కాస్త ఎడమవైపున వెంట్రుకలు పీక్కుంటోంది. అక్కడ ఇప్పుడు రూపాయి బిళ్లకంటే పెద్ద మేర జుట్టు పలుచబడి, పొట్టి మొలకలు మాత్రమే కనిపిస్తున్నాయి. మొదట పేనుకొరుకుడు అనుకొని చర్మవైద్యుడికి చూపించాం. పేనుకొరుకుడైతే మచ్చ నున్నగా ఉంటుందని, ఇక్కడ వెంట్రుకలు ఒక్కొక్కటి ఒక్కో పొడవున తెగి ఉన్నాయని, అమ్మాయే పీక్కుంటోందని ఆయన చెప్పారు. తరువాత ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళితే, పీకాలనిపించినప్పుడల్లా మెత్తటి బంతిని నొక్కమన్నారు. నెల రోజులు గడిచాయి. బంతి పుస్తకాల పక్కనే ఉంటుంది, అమ్మాయి చెయ్యి తల మీదే ఉంటుంది. నేను కోపం పట్టలేక రెండుసార్లు చేతి మీద కొట్టాను. "నాకు తెలియకుండానే చెయ్యి వెళ్తోందమ్మా" అని ఏడ్చింది. ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా, లేక మేమే తప్పుగా చేస్తున్నామా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

సరస్వతమ్మ_తెనాలి
అమ్మా, ఇది చదువుల ఒత్తిడి తప్ప మరొకటి కాదు. పరీక్షల భయం ఉన్న పిల్లలే ఇలా చేస్తారు. ట్యూషన్లు మాన్పించి, ఒకసారి తిరుపతి తీసుకెళ్లి గుండు చేయించండి. పీకడానికి జుట్టే లేకపోతే అలవాటు దానంతటదే పోతుంది. మా తోడికోడలి కూతురికి అలాగే తగ్గింది.

పాత_విద్యార్థిని
సరస్వతమ్మ గారు మంచి మనసుతో చెప్పారని తెలుసు. అయినా నా సంగతి చెప్పకుండా ఉండలేను. నాకు ఇప్పుడు 20 ఏళ్లు, ఏడో తరగతిలో ఇది మొదలైంది. మా ఇంట్లోనూ గుండు చేయించారు. వారం తిరగకముందే నా చేతులు కనుబొమల మీదికి వెళ్లాయి. జుట్టు తిరిగి వచ్చేసరికి కనుబొమలు సగం లేవు. బడిలో అందరూ చూసేది ముఖాన్నే కాబట్టి తలకంటే అది ఎక్కువ బాధ పెట్టింది. చేతికి కావలసింది జుట్టు ఉన్న చోటు కాదు, పీకినప్పుడు కలిగే ఆ స్పర్శ.

ఒత్తిడి మాట కూడా నా విషయంలో సగమే నిజం. పరీక్షల ముందు పీకేదాన్ని, కానీ వేసవి సెలవుల్లో ఏమీ తోచక టీవీ ముందు కూర్చున్నప్పుడు అంతకంటే ఎక్కువగా పీకేదాన్ని.

హైమ_క్లినికల్
నేను హైదరాబాద్‌లో పిల్లల మానసిక వైద్య విభాగంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. చూడకుండా వైద్యం చెప్పడం కుదరదు. అయితే నెల్లూరు అమ్మగారు అడిగినది పద్ధతి గురించి కాబట్టి నాలుగు విషయాలు తెలిస్తే మాట్లాడగలను. అమ్మాయి ఏ చేత్తో రాస్తుంది, ఏ చేత్తో పీకుతుంది? ఏ వేళల్లో, ఏ గదిలో, ఏ భంగిమలో ఉన్నప్పుడు జరుగుతుంది? పీకిన వెంట్రుకను ఏం చేస్తుంది, ముఖ్యంగా మింగుతుందా? బంతిని ఏ క్షణంలో పట్టుకోమన్నారు? తనను నిలదీసినట్టు కాకుండా, పక్కన కూర్చొని కలిసి గమనించి చెప్పండి.

విశాఖ_నాన్న
మా అబ్బాయికీ ఇదే సమస్య. 15 ఏళ్లు, మొటిమలు గిల్లుకొని ముఖమంతా మచ్చలు చేసుకున్నాడు. చర్మవైద్యుడు రాసిన పూత మందు వాడితే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మీ అమ్మాయికి కూడా నెత్తి మీద చుండ్రో, ఏదైనా పుండో ఉందేమో చూపించండి. మూలం చర్మంలో ఉంటే బంతులతో ఏం లాభం?

నెల్లూరు_అమ్మ
విశాఖ నాన్నగారూ, చర్మం బాగానే ఉందని వైద్యుడు తేల్చి చెప్పారు.

హైమ గారూ, మీరు అడిగినట్టే నాలుగు రోజులు చూశాను. కుడిచేత్తో రాస్తుంది, ఎడమచేత్తో పీకుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పది వరకు తన గదిలో బల్ల దగ్గర చదువుతుంది. లెక్కలు చేసేటప్పుడే ఎక్కువ, తెలుగు చదివేటప్పుడు దాదాపు లేదు. రెండోది, దీపం ఆర్పి పడుకున్నాక నిద్ర పట్టేలోగా. పీకిన వెంట్రుక కుదురును పెదవికి ఆనించుకొని చూస్తుంది, ఒక్కోసారి కొరుకుతుంది, తరువాత మంచం కింద పడేస్తుంది. మింగడం లేదని చెప్పింది. బంతి విషయంలో "పీకాలనిపిస్తే నొక్కు" అన్నారు, అంతే. నేను చూసినంతలో కుడిచేత్తో బంతి నొక్కుతూ ఎడమచేత్తో పీకిన రోజు కూడా ఉంది.

హైమ_క్లినికల్
మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఈ పద్ధతిని ప్రకటించారు. దానిని హ్యాబిట్ రివర్సల్ అంటారు. అందులో ఒక భాగం కాంపిటింగ్ రెస్పాన్స్, పిల్లలతో నేను దానిని "బదులు పని" అంటాను. బదులు పనికి ఉండవలసిన మొదటి గుణం ఏమిటంటే, అది చేస్తున్నంతసేపు పీకడం శరీరానికి సాధ్యం కాకూడదు. పీకే చెయ్యే ఆ పనిలో ఉండాలి. కుడిచేతిలోని బంతి ఎడమచేతిని ఆపలేదు.

రెండో లోపం క్షణానికి సంబంధించినది. "పీకాలనిపిస్తే" అన్నారు కానీ, లెక్కలు చేస్తున్నప్పుడు ఆమెకు ఏమీ అనిపించడం లేదు. చెయ్యి తనంతట తాను వెళుతోంది. తెలియని దానికి బదులు పని ఎలా చేస్తుంది? అందుకే బదులు పనికి ముందు కనీసం ఒక వారం గుర్తుపట్టడం నేర్పాలి. ఈ మెట్టు దాటవేయడం వల్లనే చాలా ఇళ్లలో పద్ధతి విఫలమవుతుంది.

ఎలా నేర్పాలో చెబుతాను. లెక్కల పుస్తకం ముందు పెట్టుకొని, పీకే క్రమాన్ని నిదానంగా నటించమనండి, కానీ వెంట్రుక లాగకుండా ఆపేయాలి. నేను చూసిన పిల్లల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: మోచెయ్యి బల్ల మీదికి వస్తుంది, అరచెయ్యి చెంపకు ఆనుతుంది, వేళ్లు చెవి పక్కగా పైకి పాకుతాయి, గరుకుగా ఉన్న వెంట్రుక కోసం వెదుకుతాయి, ఒకదాన్ని వేరు చేస్తాయి, లాగుతాయి. ఆరు అడుగుల దారి అనుకోండి. పెద్దలకు కనిపించేది ఆరో అడుగు, పిల్ల ఆగగలిగేది మొదటి అడుగు దగ్గర. అమ్మాయి తన దారిని తానే చెప్పగలగాలి. ఆ వారంలో మాన్పించే ప్రయత్నం ఏదీ వద్దు. మోచెయ్యి బల్లనో, చెంపనో తాకినట్టు తాను గుర్తించినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టుకోవడం మాత్రమే చాలు. గీతలు పెరిగితే కంగారు పడకండి, గుర్తించడం పెరిగిందని దాని అర్థం.

రెండో వారం నుంచి బదులు పని. రాసేటప్పుడు ఎడమ అరచేతిని నోటుపుస్తకం అంచు మీద పరచి, పుస్తకం కదలకుండా గట్టిగా అదిమి పట్టుకోమనండి. రాయని వేళ అయితే ఎడమచేతిని పిడికిలి చేసి, మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచాలి. మోచెయ్యి బల్లను తాకగానే మొదలుపెట్టి ఒక నిమిషం పాటు, కోరిక ఇంకా ఉంటే అది తగ్గేవరకు, అలా ఉండాలి. బడిలో చేసినా పక్కవారికి తెలియకూడదు, అదీ ఒక గుణమే. కోరిక లేని సమయంలో కూడా రోజుకు కొన్నిసార్లు సాధన చేయిస్తే, అవసరమైనప్పుడు చెయ్యి దానంతటదే ఆ దారి పడుతుంది.

చేతికి ఒక వస్తువు ఇవ్వాలన్న ఆలోచన తప్పు కాదు. దాని పని వేరు. పీకినప్పుడు వేళ్లకూ పెదవికీ దొరికే స్పర్శ ఆమెకు ఇష్టం. దానికి బదులుగా కొబ్బరి పీచు ముక్క ఒకటి ఎడమచేతికి ఇచ్చి, పోగులు ఒక్కొక్కటిగా లాగనివ్వండి. మెత్తటి బంతిలో ఆ గరుకు లేదు, ఆ "పుట్టుక్కున రావడం" లేదు.

ఒక్క జాగ్రత్త. మింగడం లేదంటోంది, మంచిదే. కానీ ఎప్పుడైనా కడుపునొప్పి, వాంతులు, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి వెంట్రుకల సంగతి చెప్పి చూపించండి. మింగిన వెంట్రుకలు జీర్ణం కావు, కడుపులో ఉండకట్టుకుంటాయి.

సరస్వతమ్మ_తెనాలి
వెంట్రుకలు కడుపులో ఉండకట్టడం నేను వినలేదు. గుండు మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ అమ్మాయి కనుబొమల సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయితే లెక్కలప్పుడే పీకుతోందంటే లెక్కల భయమే కదా? అది పోగొట్టకుండా చేతిని పుస్తకం మీద పెట్టించడం పైపూత కాదా?

హైమ_క్లినికల్
సరైన ప్రశ్న. భయమా, మరొకటా అన్నది ఆమెనే అడిగి తెలుసుకోవాలి. లెక్కల్లో ఒక మెట్టు దగ్గర ఆగి ఆలోచించే సమయం ఎక్కువ, అప్పుడు ఎడమచేతికి పని ఉండదు. తెలుగు చదివేటప్పుడు ఆ చెయ్యి పుస్తకం పట్టుకొని ఉండవచ్చు. భయమే అయితే దానికి వేరుగా సాయం చేయాలి. అయినా చేతికి పడిన అలవాటు భయం పోయాక కూడా మిగులుతుంది, కాబట్టి రెంటినీ చూడక తప్పదు.

రామయ్య_మాస్టారు
ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. మా తరగతుల్లో ప్రతి సంవత్సరం ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉండేవారు, గోళ్లు కొరికేవారు, పెదవి తోలు లాక్కునేవారు. నా అనుభవంలో పక్కన ఒకరు నిరంతరం గుర్తు చేయడమే మందు. తల్లి ఎదురుగా కూర్చొని చెయ్యి లేచిన ప్రతిసారీ "చెయ్యి" అని ఒక్క మాట అంటే చాలు, కొట్టనక్కరలేదు. నెల రోజుల్లో మారుతుంది.

పాత_విద్యార్థిని
మాస్టారూ, నేను ఒప్పుకోలేను. మా అమ్మ "చెయ్యి" అనే మాటను రోజుకు యాభైసార్లు అనేది. ఆ మాట వినపడకుండా ఉండటానికి నేను స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని పీక్కునేదాన్ని. అంతకు ముందు తెలియకుండా పీకిన దాన్ని, అప్పటినుంచి తెలిసి, దాచి పీకడం మొదలుపెట్టాను.

రామయ్య_మాస్టారు
తరగతిలో పిల్లవాడికి దాక్కునే చోటు ఉండదు, ఇంట్లో ఉంటుంది. ఆ తేడా నేను ఆలోచించలేదు.

హైమ_క్లినికల్
మాస్టారు చెప్పినదానిలో కూడా కొంత ఉంది. ఇంట్లో ఒకరు సాయం చేయడం ఈ పద్ధతిలో భాగమే. అయితే ఎవరు గుర్తు చేయాలో, ఏ సంజ్ఞతో చేయాలో పిల్లే నిర్ణయించాలి. బల్ల మీద వేలితో ఒకసారి తట్టడం కావచ్చు, మంచినీళ్ల గ్లాసు తెచ్చి పెట్టడం కావచ్చు. గుర్తు చేయడంకంటే ముఖ్యమైనది, ఆమె తనంతట తాను బదులు పని చేసినప్పుడు చూసి, "పుస్తకం పట్టుకున్నావు, చూశాను" అని నెమ్మదిగా చెప్పడం. పీకినప్పుడు మాత్రమే అమ్మ కళ్లు తన మీద పడితే, ఆ కళ్లను తప్పించుకోవడమే పిల్ల నేర్చుకుంటుంది.

విశాఖ_నాన్న
నేను మొదట రాసింది పొరపాటని అర్థమైంది. నిన్న మా అబ్బాయిని గమనించాను. మొటిమ ఉన్నా లేకపోయినా స్నానాల గదిలో అద్దం ముందు ఇరవై నిమిషాలు ఉంటున్నాడు. బయటికి వచ్చేసరికి దవడ మీద రక్తం. అడిగితే, చదువుకుంటూ చేత్తో తడుముకున్నప్పుడు ఏదో ఎత్తుగా తగులుతుందని, దాన్ని చదును చేయాలని అద్దం దగ్గరికి వెళతానని అన్నాడు. చర్మానికి కూడా ఈ బదులు పని పనికొస్తుందా?

హైమ_క్లినికల్
పనికొస్తుంది. మీ అబ్బాయి దారిని చూడండి: తడమడం బల్ల దగ్గర మొదలైంది, గిల్లడం అద్దం దగ్గర జరిగింది. బదులు పని తడిమిన క్షణంలోనే రావాలి. రెండు చేతుల వేళ్లనూ ఒకదానిలో ఒకటి చొప్పించి ఒడిలో గట్టిగా పట్టుకోవచ్చు. అద్దం ముందుకు వెళ్లాక చేతులు ఆపడం చాలా కష్టం, అందుకే అక్కడ చోటును మార్చాలి. స్నానాల గదిలో తెల్లటి పెద్ద దీపం తీసి తక్కువ వెలుతురుది పెట్టండి, అద్దానికి చేతి పొడవు దూరంలో నేల మీద ఒక గీత గీసి, దానిని దాటకూడదని అతనితోనే నియమం పెట్టించండి. గోళ్లు పొట్టిగా ఉండాలి. ఎత్తుగా తగిలిన చోట మొటిమల పట్టీ అంటిస్తే వేలికి నున్నగా తగులుతుంది, వెదకడానికి ఏమీ దొరకదు. చర్మవైద్యుడు ఇచ్చిన మందు మాత్రం మానవద్దు, కొత్త మొటిమలు తగ్గితే వేలికి తగిలేవీ తగ్గుతాయి. గిల్లిన చోట ఎర్రగా వాచి, వేడిగా ఉండి, చీము పడితే వెంటనే ఆయనకే చూపించండి.

మధు_మందులషాపు
దీనికి ఎన్-అసిటైల్ సిస్టీన్ మాత్రలు పనిచేస్తాయని కొందరు కస్టమర్లు అడిగి తీసుకెళుతున్నారు. పిల్లలకు కూడా వాడవచ్చు కదా? ఇంత శ్రమ తగ్గుతుంది.

హైమ_క్లినికల్
2009లో వెలువడిన ఒక పరీక్షలో, వెంట్రుకలు పీక్కునే పెద్దవారికి ఆ మాత్రతో మేలు కనిపించిన మాట నిజమే. పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది, అందులో ఉత్తుత్తి మాత్రకంటే అది మెరుగ్గా పనిచేయలేదు. కాబట్టి 14 ఏళ్ల పిల్లకు ఎవరికి వారు కొని వేయవద్దని నా అభిప్రాయం. పిల్ల బాగా కుంగిపోయి ఉంటే, లేదా ఆందోళన విడిగా ఉంటే, సైకియాట్రిస్టు దానికి మందు ఇవ్వవచ్చు, అది వేరే సంగతి.

పాత_విద్యార్థిని
హైమ గారిని ఒకటి అడగాలి. నాకు వైద్యం చేసినవారు పీకిన వెంట్రుకలన్నీ ఒక కవరులో వేసి వారం వారం తెమ్మన్నారు. లెక్క కోసమని తెలుసు, కానీ ఆ కవరు సంచిలో పెట్టుకొని బస్సులో వెళ్లిన అవమానం ఇప్పటికీ మరచిపోలేదు. అది నిజంగా అవసరమా?

హైమ_క్లినికల్
దీనిలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. కొందరు పిల్లలకు కవరులో చేరే వెంట్రుకలు తగ్గడం కళ్లకు కనిపిస్తే పట్టుదల పెరుగుతుంది, వెంట్రుకను పారేయకుండా కవరులో వేయవలసి రావడమే కొంత ఆపుతుంది కూడా. నేను మాత్రం అడగను, గీతల కాగితం చాలనుకుంటాను. అయితే మింగుతున్నారేమో అన్న అనుమానం ఉన్నప్పుడు కవరు అడగక తప్పని సందర్భం నాకూ వచ్చింది.

నెల్లూరు_అమ్మ
ఐదు వారాల తరువాత రాస్తున్నాను. మొదటి వారం గీతలు మాత్రమే పెట్టించాను. సోమవారం నాలుగు, శనివారానికి పందొమ్మిది. మీరు ముందే చెప్పకపోతే నేను భయపడి మానిపించేదాన్నే. తన దారి గురించి తానే ఒక విషయం కనిపెట్టింది: మోచేతికంటే ముందే ఎడమచేతి వేళ్లు పెన్ను మూతతో ఆడుకోవడం ఆపేస్తాయట, అదే మొదటి అడుగట. రెండో వారం నుంచి పుస్తకం అంచు పట్టుకోవడం మొదలుపెట్టింది. బల్లను హాల్లోకి మార్చాం, ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ చివర బ్యాండ్ ఎయిడ్ చుట్టుకుంటోంది. సంజ్ఞగా తాను ఎంచుకున్నది, నేను గాజులు ఒకసారి గలగలలాడించడం. మూడో వారంలో లెక్కల సమయంలో రెండు రోజులు అసలు పీకలేదు. యూనిట్ పరీక్షల వారం మళ్లీ పెరిగింది, అవి అయ్యాక మళ్లీ తగ్గింది.

కానీ రాత్రి పడుకున్నాక పీకడం ఏమాత్రం తగ్గలేదు. చెయ్యి లేచినట్టు తనకు అప్పుడు బాగానే తెలుస్తోంది. "ఆ ఒక్క వెంట్రుక మిగతావాటిలా లేదు, అది వచ్చేస్తే నిద్ర పడుతుంది" అంటోంది. పిడికిలి ఒక నిమిషం పట్టి, వదిలి, వెంటనే పీకుతోంది.

హైమ_క్లినికల్
లెక్కలప్పటిది తెలియకుండా జరిగేది, రాత్రిది తెలిసి చేసేది. ఒకే పిల్లలో రెండూ ఉండటం మామూలే, రెండోదానికి పిడికిలి ఒక్కటే చాలకపోవచ్చు. అక్కడ నడిపిస్తున్నది "ఆ ఒక్కటి వచ్చేస్తే చాలు" అనే మాట. నిన్న ఆ ఒక్కటి వచ్చాక ఎన్ని వచ్చాయో, నిద్ర ఎప్పుడు పట్టిందో మరునాడు పగటిపూట తననే నెమ్మదిగా గుర్తు చేసుకోమనండి. కోరిక పెరిగి, శిఖరానికి చేరి, పీకకపోయినా దిగుతుందని ఆమె ఒక్కసారి స్వయంగా చూడాలి. దానికి నిమిషం చాలదు. రెండు చేతులతో దిండును కౌగిలించుకొని, కోరిక పదిలో ఎంత ఉందో మనసులో అంకె వేసుకుంటూ, అది సగానికి దిగేవరకు ఉండమనండి. మొదటి రాత్రులు చాలాసేపు పట్టవచ్చు. ఈ భాగాన్ని ఇంట్లో మీ ఇద్దరే చేయడంకంటే ఒక సైకాలజిస్టుతో కలిసి చేయడం మంచిది. దగ్గర్లో ఎవరూ తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులో అడగండి, మీ జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

పాత_విద్యార్థిని
రాత్రి గురించి నాకు తెలిసిన ఒక చిన్న సంగతి. "ఆ ఒక్క వెంట్రుక" చాలాసార్లు కొత్తగా మొలుస్తున్నదే అయి ఉంటుంది. తగ్గుముఖం పట్టిన నెలలోనే పొట్టి మొలకలు దిండుకు గుచ్చుకుంటాయి, వేలికి గరుకుగా తగులుతాయి, వాటి కోసమే చెయ్యి వెదుకుతుంది. నేను కోలుకుంటున్నప్పుడే రెండుసార్లు ఇలా వెనక్కి జారాను, అప్పుడు ఎవరూ నాకు ఇది చెప్పలేదు.

నెల్లూరు_అమ్మ
మీరు రాసింది అమ్మాయికి చదివి వినిపించాను. "అవును, అవే గుచ్చుకుంటున్నాయి" అని వెంటనే అంది. ఈ రాత్రి నడినెత్తిన కొంచెం కొబ్బరినూనె రాసి, పలుచటి నూలు గుడ్డ కట్టుకొని పడుకుంటానని తానే చెప్పింది. నూనె రాస్తే వేళ్లకు వెంట్రుక జారిపోతుందా, లేక తడమడం ఇంకా ఎక్కువవుతుందా అన్నది రెండు మూడు రాత్రులు చూసి రాస్తాను.